వేడి చేసినంత మాత్రాన రాత్రి అన్నం మంచిదైపోదు

మా అక్క కూతురు హైదరాబాద్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉంటోంది. మెస్ మేనేజరుకు తను రాసిన ఉత్తరం నాకు చూపించింది. "ఆదివారం రాత్రి మిగిలిన అన్నాన్ని సోమవారం పొద్దున నిమ్మకాయ పులిహోర చేశారు. తిన్న రెండు గంటల్లోపే మా రూములో ఇద్దరికి వాంతులయ్యాయి. ఇలా జరగడం ఈ నెలలో ఇది మూడోసారి సార్" అని రాసింది. దానికి ఆయన ఒకటే మాట అన్నారట: "బాగా వేడి చేసే కదమ్మా పెట్టింది."

అసలు ప్రమాదం ఆ నమ్మకంలోనే ఉంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి. అవి అన్నం ఉడికినా చావవు. పెద్ద గిన్నె మీద మూత పెట్టి వదిలేస్తే నడుమ ఉన్న అన్నం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. బీజాలు మొలకెత్తి, పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని వదలడానికి ఆ వెచ్చదనం చాలు. పొద్దున వేడి చేస్తే బ్యాక్టీరియా చావొచ్చు గానీ ఆ విషం పోదు. 121 డిగ్రీల వేడిని కూడా అది తట్టుకుంటుంది. దానికి వాసన ఉండదు, రుచి ఉండదు. పైగా నిమ్మరసం, తాలింపు పడ్డాక అన్నం పాతదని కూడా తెలియదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. పరీక్ష చేయించలేదు కాబట్టి ఇదే కారణమని తేల్చలేను గానీ, ఉత్తరంలో రాసిన లక్షణాలు దీనికి సరిపోతున్నాయి.

మన తాతలు చద్దన్నం తినలేదా అంటారు. తిన్నారు. అయితే అది చిన్న కుండలో నీళ్లో మజ్జిగో పోసి పులియబెట్టిన అన్నం. ఆ పులుపు చాలా సూక్ష్మజీవులను పెరగనివ్వదు. గుండిగలో మూతపెట్టి ఉంచిన అన్నం చద్దన్నం కాదు. అన్నం పారేయడం పాపమన్న మాటను నేనూ ఒప్పుకుంటాను. అందుకే మిగలకుండా వండమంటున్నాను.

మిగులు ఎందుకొస్తుందో చూడండి. ఆదివారం సగం మంది పిల్లలు ఊళ్లకో బయట హోటళ్లకో వెళ్తారు. వంట మాత్రం మామూలు లెక్కకే పడుతుంది. నెల మొదట్లోనే డబ్బు కట్టేశారు కాబట్టి ఎవరు తింటున్నారో అడిగే అవసరం మేనేజరుకు కనిపించదు. మిగిలింది మర్నాటి టిఫిన్‌కు వాడితే ఆయనకు ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది. ఆయన లెక్క తప్పు, పిల్లల కడుపుకు శిక్ష. మన హాస్టళ్లలో డబ్బు కట్టినవాళ్లకు వంటగదిలోకి తొంగిచూసే హక్కు కూడా లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఉత్తరం మళ్లీ రాయమన్నాను. "తాజాగా పెట్టండి" అంటే సరిపోదు. రాత్రి ఎంతమంది తింటారో సాయంత్రం 5 గంటలకు వాట్సాప్‌లో అడగమని, వండిన టైము గిన్నె మీద రాయమని, మిగిలిన అన్నాన్ని వెంటనే వెడల్పాటి ట్రేలలో పలచగా పరిచి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టమని, ఒకసారి వేడి చేసింది మళ్లీ వడ్డించవద్దని అడగాలి. ఈసారి ఉత్తరం కింద తన ఫ్లోర్‌లోని అందరి సంతకాలూ పెట్టించింది.