జీడీపీ వద్దు, జీఎన్‌పీ చూడండి అనేవాళ్ల కోసం ఐర్లాండ్ లెక్క

జీడీపీ మీద చర్చ మొదలైతే చాలు, "అది మోసం, జీఎన్‌పీ చూడండి" అనేవాళ్లు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. దేశం గడప లోపల ఎవరు సంపాదించినా జీడీపీ. అందులోంచి విదేశీయుల వాటా తీసేసి, మనవాళ్లకు బయటి నుంచి వచ్చేది కలిపితే జీఎన్‌పీ. ఇంతవరకు సరే. కానీ జీఎన్‌పీ చూస్తే అసలు సంగతి తేలిపోతుందన్న నమ్మకాన్ని ఐర్లాండ్ ఎప్పుడో చెదరగొట్టింది.

2015లో తమ జీడీపీ 26.3 శాతం పెరిగిందని 2016 జులైలో ఆ దేశ గణాంక శాఖ ప్రకటించింది. అంతా నవ్వారు. నవ్వాల్సిన రెండో అంకె కూడా పక్కనే ఉంది: జీఎన్‌పీ 18.7 శాతం పెరిగింది! ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం పేటెంట్ల వంటి ఆస్తులను ఐర్లాండ్‌కు మార్చుకున్న అమెరికన్ కంపెనీలది. లాభాలు వాళ్లవైతే జీఎన్‌పీలో ఎందుకు మిగిలాయి?

తరుగుదల వల్ల, అంటే ఆస్తి విలువ ఏటా కొంత తగ్గుతుందని లెక్కల్లో రాసే మొత్తం వల్ల. ఒక ఊహాలెక్క చూడండి. ఓ విదేశీ కంపెనీ తన పేటెంట్లను ఐర్లాండ్‌లోని అనుబంధ సంస్థ పేరిట మార్చింది. వాటి మీద ఏడాదికి 100 యూరోల ఆదాయం. స్థానిక జీతాలు 4, పేటెంట్ల తరుగుదల 80, లాభం 16. దాని మీద 12.5 శాతం పన్ను, అంటే 2. మిగిలిన 14 విదేశీ యజమానిది. జీడీపీ 100. జీఎన్‌పీ కోసం 14 తీసేస్తే 86. నిజంగా ఐర్లాండ్‌కు దక్కింది జీతం, పన్ను కలిపి 6. బయటికి పోయే లాభాన్ని తరుగుదల తీసేశాకే లెక్కిస్తారు. జీఎన్‌పీ మాత్రం 'స్థూల' అంకె, తరుగుదలను తీయదు. అందుకే ఆ 80 ఎవరి సొమ్మో తెలిసినా జీఎన్‌పీలోనే ఉండిపోతుంది.

చివరికి ఐర్లాండ్ 2017లో సవరించిన స్థూల జాతీయ ఆదాయం అనే కొత్త కొలత పెట్టుకుంది. ఇలాంటి పేటెంట్ల తరుగుదల, లీజుకిచ్చే విమానాల తరుగుదల, పన్ను కోసం కార్యాలయం మాత్రమే మార్చిన కంపెనీల లాభాలు ఇందులో తీసేస్తారు. 2023లో ప్రభుత్వ అప్పు జీడీపీలో సుమారు 43 శాతం, ఈ కొలతలో సుమారు 76 శాతం. అప్పు అదే, దాన్ని పోల్చిన అంకె వేరు.

ఇక మనవైపు వినిపించే రెండో మాట: గల్ఫ్ నుంచి కరీంనగర్‌కు వచ్చే డబ్బంతా జీఎన్‌పీలో కలుస్తుందని. కలవదు. ఏడాదికి మించి అక్కడే ఉండేవాళ్లను లెక్కల్లో ఆ దేశ నివాసులుగానే చూస్తారు. వాళ్లు ఇంటికి పంపేది బదిలీ కింద నమోదవుతుంది తప్ప ఆదాయం కింద కాదు. ఏడాదిలోపు పనికెళ్లి వచ్చేవాళ్ల జీతమైతే జీఎన్‌పీలో చేరుతుంది. భారత్‌కు వలస డబ్బు ఇంత వస్తున్నా మన జీఎన్‌పీ జీడీపీ కన్నా కొంచెం తక్కువే ఉండటానికి ఇదో కారణం. విదేశీ పెట్టుబడుల మీద మనం కట్టే లాభాలు, వడ్డీలు ఇంకోటి.