బాలింత తలనొప్పి: ఇంట్లో ఆగాలా, ఆసుపత్రికి పోవాలా?

“కాన్పయి 12 రోజులైంది. నాలుగు రోజులుగా తలనొప్పి, మాత్ర వేసుకున్నా తగ్గట్లేదు. హాస్పిటల్‌కి వెళ్లాలా అక్కా?”

పెద్దమ్మ: ఆపరేషన్‌కి నడుములో మత్తు సూది ఇచ్చారుగా, దాని తలనొప్పే. పడుకుంటే పోతుంది. పైగా రాత్రంతా నిద్ర లేదు. దీనికి ఆసుపత్రి ఎందుకే?

సునీత (న్యూరో వార్డు నర్సు): మత్తు సూది నొప్పి పడుకుంటే తగ్గుతుంది, నిజమే పెద్దమ్మా. దీనికి పడుకుంటేనే ఎక్కువవుతోంది. తెల్లవారుజామున నొప్పికే మెలకువ వస్తోందట, దగ్గితే తల పగిలిపోతోందట. మెదడు నుంచి రక్తాన్ని గుండెకు తెచ్చే సిరల్లో గడ్డ కట్టినా ఇలా ఉండొచ్చు.

పెద్దమ్మ: పాతికేళ్ల పిల్లకి మెదడులో గడ్డా?

సునీత: అరుదే, కానీ వచ్చేది ఎక్కువగా ఈ వయసు ఆడవాళ్లకే. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా ఒంట్లో గడ్డకట్టే గుణం పెరుగుతుంది. అది కాన్పయ్యాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. దానికి తోడు మనం నీళ్లు కూడా కొలిచి ఇస్తున్నాం.

పెద్దమ్మ: నీళ్లు ఎక్కువ తాగితే కుట్లు చీము పడతాయి. మేమంతా అలాగే పత్యం చేశాం, ఏమైంది?

సునీత: నీళ్లకు కుట్లు చీము పట్టవు పెద్దమ్మా. నీళ్లు తక్కువవడం వల్లే గడ్డ వస్తుందని నేనూ అనను, కానీ ఒళ్లు ఎండిపోతే రక్తం ఇంకా చిక్కబడుతుంది. మా వార్డుకి ఒకమ్మాయి వచ్చింది, సిజేరియన్ అయిన పదో రోజు. అప్పటికే ఐదు రోజులుగా నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చారు. వాంతులు, వంగితే చూపు మసక. బయట సీటీ తీసి, బాగానే ఉందని ఇంటికి పంపారు. ఆ రాత్రే ఫిట్స్ వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. సిరలు కనబడేలా ఎమ్మారై వీనోగ్రామ్ తీస్తేగానీ గడ్డ దొరకలేదు. అప్పటికి మెదడులో కొంత రక్తం కూడా కారింది.

పెద్దమ్మ: మరి రక్తం కారుతుంటే ఏం మందిస్తారు?

సునీత: గడ్డ పెరగకుండా ఆపే హెపారిన్ ఇంజక్షన్లే. వాళ్లమ్మ ఒప్పుకోలేదు, ఇంకా కారుతుందని ఏడ్చింది. తూము మూసుకుపోతే నీళ్లు వెనక్కి పొంగినట్టు, అడ్డు పడ్డ ఒత్తిడికే ఆ రక్తం కారింది. అందుకే ఆ స్థితిలోనూ హెపారిన్ ఇస్తారు. చెయ్యి మెల్లగా తిరిగొచ్చింది, బిడ్డకు పాలూ మానలేదు.

పెద్దమ్మ: తలనొప్పన్న ప్రతి బాలింతకూ ఆ స్కాన్ తీయిస్తే ఎంత ఖర్చే? బీపీ చూపిద్దాం, చాలు.

సునీత: ముందు బీపీ చూడాల్సిందే. కాన్పయ్యాక బీపీ పెరిగినా తలనొప్పి, ఫిట్స్ వస్తాయి. అందరికీ స్కాన్ అవసరం లేదు. కానీ నొప్పి రోజురోజుకూ పెరిగినా, వాంతులు, చూపు తేడా, మగత, ఒక పక్క నీరసం ఉన్నా ఆగకూడదు. ఫిట్స్ వస్తే వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. దీనికి నిన్నటి కంటే ఇవాళ నొప్పి ఎక్కువుంది.

పెద్దమ్మ: సరే, ఆటో పిలువు. నీళ్ల సంగతి మాత్రం నేను ఒప్పుకోను.

సునీత: అది డాక్టర్‌నే అడుగుదాం. చెల్లీ, కాన్పు కాగితాలు, మత్తు వివరాలున్న చీటీ తీసుకో. సీటీ బాగుందన్నా లేచి రావద్దు, సిరల స్కాన్ అక్కర్లేదా అని అడుగు.