బరువు పెరిగినా కండ కరుగుతుంది: జబ్బ కొలతను లెక్క దాకా తీసుకెళ్లాలి

కాలేయం గట్టిపడి దెబ్బతినే సిర్రోసిస్ జబ్బు ఉన్న మనిషిని వేయింగ్ మెషీన్ మీద నిలబెడితే వచ్చే అంకెను నేను నమ్మను. కడుపులో నీరు చేరితే అది కూడా బరువే. కాళ్ల వాపూ బరువే. లోపల కండ కరుగుతూ ఉంటే దాని చోటును నీళ్లు నింపేస్తాయి, మెషీన్‌కు ఆ తేడా తెలియదు. ఇలాంటి రోగి ఒంట్లో నీరు చివరగా చేరే చోట్లలో జబ్బ ఒకటి. అక్కడ కండ ఎంత మిగిలిందో చూడాలంటే టేపు, చర్మపు మడత మందం కొలిచే క్యాలిపర్, చిన్న లెక్క చాలు. టేపు పెడుతున్నారు, క్యాలిపర్ కూడా పెడుతున్నారు, కానీ రెండు అంకెలనూ కేస్‌షీట్‌లో పక్కపక్కన రాసి అక్కడితో ఆపేస్తున్నారు. నా అభ్యంతరం అదే. ఆ రెండింటినీ కలిపి లెక్క కట్టకపోతే కొలిచిన శ్రమలో సగం వృథా.

ఒక రోగిని తీసుకుందాం. 52 ఏళ్ల మగమనిషి, ఎత్తు 168 సెంటీమీటర్లు, కాలేయం దెబ్బతిని ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు బరువు 61 కిలోలు. మూడు నెలల తర్వాత 63. బీఎంఐ 21.6 నుంచి 22.3కి వెళ్లింది. రెండూ నార్మల్ లోపలే. బరువు రెండు కిలోలు పెరిగిందని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. ఇప్పుడు జబ్బ చూద్దాం. మొదటిసారి చుట్టుకొలత 27 సెంటీమీటర్లు, జబ్బ వెనకవైపు చర్మపు మడత 9 మిల్లీమీటర్లు. మూడు నెలల తర్వాత చుట్టుకొలత 24.8, మడత 8. చుట్టుకొలత రెండు సెంటీమీటర్లకు పైగా తగ్గిందని కంటికి కనబడుతూనే ఉంది. కానీ పోయింది కొవ్వా, కండా? ఎంత పోయింది? దీనికి జవాబు లెక్కలోనే ఉంది.

లెక్క వెనక ఉన్న ఊహ సులువైనదే. జబ్బను అడ్డంగా కోస్తే గుండ్రటి ముక్క వస్తుందనుకోండి. బయట కొవ్వు వలయం, లోపల కండ, నడిమధ్య ఎముక. క్యాలిపర్ పట్టుకునేది మడత కాబట్టి అందులో చర్మం, కొవ్వు రెండు పొరలుగా ఉంటాయి. అంటే వలయం అసలు మందం మడతలో సగం. వలయాన్ని తీసేస్తే లోపలి వృత్తం చుట్టుకొలత బయటి చుట్టుకొలత కంటే π × మడత మేర తగ్గుతుంది. ఆ లోపలి చుట్టుకొలతను వర్గం చేసి 4π తో భాగిస్తే వైశాల్యం వస్తుంది. అందులో ఎముక కూడా కలిసి ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లలో మగవారికి 10, ఆడవారికి 6.5 చదరపు సెంటీమీటర్లు తీసేస్తారు. ఈ సవరణను 1982లో హేమ్స్‌ఫీల్డ్ బృందం సీటీ స్కాన్‌లతో పోల్చి ప్రతిపాదించింది. అంతకుముందు వాడిన సూత్రం కండను ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తోందని ఆ పోలికలోనే తేలింది.

స్ప్రెడ్‌షీట్‌లో A2లో చుట్టుకొలత సెంటీమీటర్లలో, B2లో మడత మిల్లీమీటర్లలో వేస్తే, మగవారికి ఇలా రాయాలి:

```
=(A2-PI()*B2/10)^2/(4*PI())-10
```

మన రోగికి మొదటిసారి లోపలి చుట్టుకొలత 24.2 సెంటీమీటర్లు, వైశాల్యం 46.5, ఎముక తీసేస్తే 36.5 చదరపు సెంటీమీటర్లు. మూడు నెలల తర్వాత 29.5. ఏడు చదరపు సెంటీమీటర్ల కండ పోయింది, అంటే దాదాపు 19 శాతం. అదే సమయంలో బరువు మూడు శాతం పెరిగింది. చుట్టుకొలత ఒక్కదాన్నే చూసినవాళ్లకు కనబడే తగ్గుదల 8 శాతం. వైశాల్యం వ్యాసార్థపు వర్గాన్ని బట్టి మారుతుంది, దానికి తోడు మారని ఎముకను పక్కన పెట్టేశాం కాబట్టి అసలు నష్టం అప్పుడు బయటపడింది.

ఆ సూత్రంలో `/10` ఎందుకుందో కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అక్కడ నేనే దెబ్బతిన్నాను. టేపు సెంటీమీటర్లలో చూపిస్తుంది, క్యాలిపర్ మిల్లీమీటర్లలో చూపిస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను తయారుచేసిన షీట్‌లో పదితో భాగించడం మర్చిపోయాను. బక్కచిక్కిన ఒక పెద్దావిడకు చుట్టుకొలత 26, మడత 18. సరిగ్గా లెక్కేస్తే ఎముక తీసేశాక 26.4 రావాలి. నా షీట్ 67.8 చూపించింది. జరిగిందేమిటంటే 26 లోంచి 56.5 తీస్తే మైనస్ 30.5 వస్తుంది. ఆ మైనస్‌ను చూసి ఉంటే వెంటనే అనుమానం వచ్చేది. కానీ వర్గం చేయగానే మైనస్ మాయమై 933 అయింది, నాలుగు పైలతో భాగిస్తే నమ్మదగ్గ అంకెలాగే కనబడింది. ఆవిడ చేయి పట్టుకుని చూశాక గానీ నాకు టెన్షన్ పట్టుకోలేదు. ఆ చేతికి వస్తాదు కండ ఎలా వచ్చింది? అప్పటినుంచి వర్గం చేసే ముందు వచ్చే లోపలి చుట్టుకొలతను విడిగా ఒక గడిలో చూపిస్తున్నాను. అది బయటి చుట్టుకొలత కంటే కొద్దిగా తక్కువగా, ప్లస్‌లో ఉంటేనే ముందుకు వెళ్తాను.

కొలవడంలో తప్పులు ఇంకా ఎక్కువ. మోచేయిని తొంభై డిగ్రీలు వంచి, భుజం అంచున తగిలే ఎముక కొస నుంచి మోచేయి కొస దాకా టేపు పెట్టి, సరిగ్గా మధ్యలో పెన్నుతో గుర్తు వేయాలి. ఆ తర్వాత చేతిని వదులుగా కిందికి వేలాడనివ్వాలి. చాలామంది వంచిన చేతినే కొలిచేస్తారు. వంచితే కండ ఉబ్బుతుంది, చుట్టుకొలత ఎక్కువగా వస్తుంది. టేపు చర్మానికి తగలాలి కానీ నొక్కకూడదు. మడతను గుర్తుకు ఒక సెంటీమీటరు పైన, జబ్బ వెనక నడిమధ్యలో బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుని కండ నుంచి విడదీసినట్టు మెల్లగా లాగాలి. క్యాలిపర్‌ను సరిగ్గా గుర్తు దగ్గర పెట్టాలి. దాని పిడిని వదిలాక రెండు మూడు సెకన్లలో అంకె చదివేయాలి. మడతను పట్టుకున్న వేళ్లు మాత్రం వదలకూడదు. ఇలా మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి. ప్రతిసారీ అదే చేయి, వీలైతే అదే మనిషి, అదే క్యాలిపర్.

ఇంత పట్టుదల ఎందుకంటే చిన్న తేడా కూడా లెక్కలో పెద్దదవుతుంది. మన రోగి చేయంత చేతికి చుట్టుకొలతలో అర సెంటీమీటరు పొరపాటు జరిగితే వైశాల్యంలో దాదాపు 1.9 చదరపు సెంటీమీటర్ల తేడా వస్తుంది. మడతలో ఒక మిల్లీమీటరు పొరపాటుకు ఇంకో 1.2 తేడా. రెండు పొరపాట్లూ ఒకే వైపుకు పడ్డాయనుకున్నా ఒక కొలతలో మూడుకు కాస్త అటూ ఇటూ, రెండు కొలతల మధ్య ఆరు. మన రోగికి తగ్గింది ఏడు. అందుకే అతని కండ నిజంగానే తగ్గిందని ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. తగ్గింది రెండే అయి ఉంటే చెప్పేవాణ్ని కాదు.

ఈ పద్ధతిని పక్కన పెట్టాల్సిన సందర్భాలూ ఉన్నాయి. నీరు జబ్బ దాకా పాకిందేమో ముందే చూసుకోవాలి. బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటే, క్యాలిపర్ పట్టుకోగానే ముల్లు ఆగకుండా దిగుతూ ఉంటే, అక్కడ నీరు చేరిందని అర్థం. అప్పుడు లెక్క కట్టకూడదు, నీరు కూడా కండలా లెక్కలోకి వస్తుంది. బాగా లావుగా ఉన్నవాళ్లలో మడత క్యాలిపర్‌కు సరిగ్గా అందదు, కొవ్వు చుట్టూ సమానంగా ఉండదు, ఫలితం కండను ఎక్కువ చేసి చూపిస్తుంది. పిల్లలకు ఆ 10, 6.5 సవరణ వాడకూడదు. ఎముక ఎంత తీసేయాలన్నది పెద్దవాళ్ల సగటు మాత్రమే కాబట్టి చేయి మరీ సన్నబడినవారిలో సగటు ఎముకను తీసేస్తే మిగిలేది నిజం కంటే తక్కువగా రావచ్చు. సీటీతో పోలిస్తే ఒక్కో మనిషిలో సగటున 7–8 శాతం తేడా ఉంటుందని ఆ 1982 పరిశోధనలోనే ఉంది.

ఈ కారణంగానే ఒక్క కొలతను పట్టికతో పోల్చి "పోషకాహార లోపం" అని ముద్ర వేయడం నాకు నచ్చదు. జబ్బ కొలతలకు ఎక్కువగా వాడే ఫ్రిసాంచో పట్టికలు 1970లలో అమెరికాలో జరిగిన ఆరోగ్య సర్వే కొలతల నుంచి వచ్చాయి. ఒంటి కట్టు వేరుగా ఉన్నవాళ్లను ఆ గీతకు కట్టేస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కొందరు కిందికి పడిపోతారు. మనిషిని అతని పాత కొలతతోనే పోల్చితే ఈ గొడవ సగానికి సగం తగ్గుతుంది. ఎముక, చేతి ఆకారం, క్యాలిపర్ స్వభావం రెండుసార్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి వాటి వల్ల వచ్చే పొరపాటు చాలావరకు కొట్టుకుపోతుంది.

29.5 అని తేలాక ఆ రోగి విషయంలో మాట మారుతుంది. బరువు పెరుగుతోంది కాబట్టి తిండి సరిపోతోందన్న వాదన ఇక నిలవదు. ఇలాంటివారికి ప్రొటీన్ రోజుకు కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలి, ఆ కిలోలు నీరు తీసేసిన బరువు ప్రకారం లెక్కేసుకోవాలి. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది, కాబట్టి పడుకునే ముందు ఇంకోసారి తినాలి. కాలేయం జబ్బు అనగానే ప్రొటీన్ తగ్గించమనే పాత అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఆ సలహా ఇచ్చేవారి ముందు పెట్టడానికైనా ఈ అంకె పనికొస్తుంది.

ఇంకో మూడు నెలలకు, కడుపులో నీరు తగ్గించే మందులు పనిచేశాక, అదే మనిషి బరువు 59కి దిగిందనుకుందాం. నాలుగు కిలోలు తగ్గినందుకు ఇంట్లోవాళ్లు భయపడతారు. జబ్బ చుట్టుకొలత 25.4, మడత 8 దగ్గరే ఉంది. లెక్క 31.7 వస్తుంది. ముందుకంటే 2.2 ఎక్కువ. ఇది పొరపాటు హద్దు లోపలే ఉంది కాబట్టి కండ పెరిగిందని నేను రాయను. కండ ఇంకా పడిపోయిన ఆనవాలు లేదని రాసి, తారీఖు, ఏ చేయో, ఏ క్యాలిపరో పక్కన వేసి, మళ్లీ కొలిచే రోజు ఇస్తాను.