విదేశీ అడ్రస్‌ను మన పద్ధతికి మార్చకండి

విదేశాల్లో ఉన్న మనవాళ్లు పంపిన అడ్రస్‌ను దయచేసి ‘సరిచేయకండి’. వాళ్లు ఏ లైన్‌లో ఏది రాశారో అలాగే దించండి. కోపంతోనే రాస్తున్నాను. అమ్మ ఎండలో కూర్చుని చేసిన కారంపొడి, కందిపొడి జర్మనీ దాకా వెళ్లి, చెల్లి చేతికి అందకుండానే తిరుపతికి వచ్చేశాయి.

బుకింగ్ కౌంటర్‌లో ఆయన ‘డోర్ నంబర్ ముందుండాలి సార్, పిన్‌కోడ్ చివర రావాలి’ అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. నంబర్ ముందుకు జరిపి, రెండో అంతస్తు, చర్చి ఎదురుగా అని కూడా చేర్పించాను. ‘కేరాఫ్’ లైన్ ఎందుకులే అని తీసేశాం. పేరు ఇనీషియల్‌తో మన అలవాటు ప్రకారం రాశాం.

వెనక్కి వచ్చిన డబ్బా మీద స్టిక్కర్ ఉంది. అందులో ‘Inconnu’ అన్న గడిలో టిక్. అది ఫ్రెంచ్ మాట, ఆ పేరు గలవాళ్లు అక్కడ తెలియదని అర్థం. చెల్లికి ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేసింది.

‘అన్నా, ఇక్కడ ఫ్లాట్లకు మామూలుగా నంబర్లుండవు. బెల్లు మీద, పోస్ట్ డబ్బా మీద పేరు చూసి ఇస్తారు. నేనుండేది ఒక గదిలో, డబ్బా మీద ఓనర్ పేరే ఉంది. అందుకే కేరాఫ్ పెట్టాను.’

మన తిరుపతి కొర్లగుంటలో అయితే గుడి పక్కన అని రాసినా చాలు, కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి వచ్చేస్తాడు. అక్కడ ఇంటి నంబర్ అటూఇటూ అయినా పోస్ట్‌మ్యాన్ అర్థం చేసుకోగలడేమో గానీ, డబ్బా మీద లేని పేరును ఎక్కడని వెతుకుతాడు?

రెండోసారి ఇలా రాశాను. ఇక్కడ చూపడానికి పేర్లు, వీధి, ఊరు మార్చాను, వరుస మాత్రం అదే:

```
Sravani Kolluru
c/o Mustermann
Musterstraße 14
12345 Musterstadt
GERMANY
```

వీధి పేరు తర్వాత ఇంటి నంబర్, ఊరికి ముందు ఐదంకెల కోడ్. ß టైపు కాకపోతే ss అని, ü బదులు ue అని రాయొచ్చు. దేశం పేరు మాత్రం ఇంగ్లీషులో, పెద్ద అక్షరాల్లో, చివరి లైన్‌లో ఉండాలి. ఆ లైన్ చూసి పార్శిల్‌ను ఏ దేశానికి పంపాలో తేల్చేది మనవైపు వాళ్లు. పైనున్న లైన్లన్నీ అక్కడి పోస్ట్‌మ్యాన్ కోసం. ఫోన్ నంబర్‌కు +49 పెట్టి, ముందున్న సున్నా తీసేయాలి.

ఇదే వరుసను లండన్‌లోని బావకు వాడకండి. బ్రిటన్‌లో నంబర్ వీధికి ముందే, పోస్ట్‌కోడ్ ఊరి తర్వాత. అమెరికాలో అపార్ట్‌మెంట్ నంబర్ వదిలేస్తే పార్శిల్ ఆ బిల్డింగ్ దగ్గరే ఆగిపోవచ్చు.

ఈసారి చెల్లిని పోస్ట్ డబ్బా మీది పేరుపలక ఫోటో తీసి పంపమన్నాను. అందులో ఉన్న స్పెల్లింగ్ చూసి ఒక్కో అక్షరం కౌంటర్‌లో చెప్పి టైపు చేయించాను. అదే అడ్రస్ కాగితం మీద రాసి, కారంపొడి ప్యాకెట్ పక్కన పెట్టి డబ్బా మూశాను.