బ్రాకెట్ ముందు మైనస్: గుర్తులు తిప్పేస్తే సరిపోతుందా?

"బ్రాకెట్ ముందు మైనస్ కనిపిస్తే బ్రాకెట్ తీసేసి లోపలి గుర్తులన్నీ తిప్పేయండి. తర్వాత అన్నీ కలిపేయడమే. మైనస్, మైనస్ ఎక్కడ కలిసినా ప్లస్. విభాగ న్యాయం అంటూ పిల్లలకు టెన్షన్ పెట్టక్కర్లేదు."

తిరుపతిలో ఏడో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఈ మెసేజ్ ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతోంది. ట్యూషన్‌లో వర్క్‌షీట్లు దిద్దుతుంటే దాని ప్రభావం కనిపిస్తూనే ఉంది.

మొదటి వాక్యం ఒక్క సందర్భంలో నిజమే. 9 − (x − 4) ను 9 − x + 4 అని రాయవచ్చు. అయితే అక్కడ జరిగింది విభాగ న్యాయమే. బ్రాకెట్ ముందున్న ఒంటరి మైనస్ నిజానికి −1. అది x నీ, −4 నీ విడివిడిగా గుణించింది. 1తో గుణిస్తే అంకె మారదు కాబట్టి గుర్తు మాత్రమే మారినట్టు కనిపిస్తుంది. మైనస్ పక్కన ఇంకో అంకె వచ్చిందంటే ఈ చిట్కా పనికిరాదు.

గాంధీ రోడ్డులో ఒక దుకాణానికి 500 రూపాయలతో వెళ్లారనుకోండి. ఒక్కో డబ్బా ధర x రూపాయలు, డబ్బాకు 10 రూపాయల తగ్గింపు. మూడు కొంటే చేతిలో మిగిలేది 500 − 3(x − 10). తగ్గింపు మూడు డబ్బాలకూ వర్తిస్తుంది, కాబట్టి 30 రూపాయలు మన దగ్గరే ఉండిపోతాయి: 500 − 3x + 30. ఆ ప్లస్ వచ్చింది ఇలాగే. ధర 100 అయితే మిగిలేది 230. చివర −30 అని రాసినవాడికి 170 వస్తుంది, అంటే తగ్గింపు ఇవ్వాల్సిన దుకాణదారు ఎదురు వసూలు చేసినట్టు.

ఇప్పుడు వర్క్‌షీటులోని లెక్క చూద్దాం: 7x − 3(2x − 5). ఇక్కడ మైనస్‌ను 3 నుంచి విడదీయకూడదు. గుణించేది −3. దాన్ని 2x తో గుణిస్తే −6x, −5 తో గుణిస్తే +15.

7x − 6x + 15 = x + 15

తప్పులు ప్రధానంగా మూడు రకాలు. కొందరు −3 ను మొదటి పదానికే వాడి, రెండో దానికి 3 మాత్రమే వాడతారు. వాళ్లకు x − 15 వస్తుంది. కొందరు −5 గుర్తు మారుస్తారు కానీ 3తో గుణించడం మర్చిపోతారు. వాళ్లకు x + 5. మూడో రకం ఈ మెసేజ్ చలవే. ముందు లోపలి గుర్తులు తిప్పేసి, తర్వాత మళ్లీ −3తో గుణిస్తారు. గుర్తు రెండుసార్లు తిరిగి, జవాబు 13x − 15 దగ్గర తేలుతుంది. ఈ పిల్లలు కష్టపడి నియమం పాటించినవాళ్లే, అదే బాధ.

ఇక "అన్నీ కలిపేయడమే" అన్న మాట. 8 − 3(x + 2) లో 8 లోంచి 3 తీసేసి 5(x + 2) అని రాసేవాళ్లు ఉన్నారు. ఆ 3 ఒంటరి సంఖ్య కాదు, బ్రాకెట్‌కు గుణకంగా ఉంది. దాని పని పూర్తయ్యాకే కూడికలు, తీసివేతలు: 8 − 3x − 6, అంటే 2 − 3x. ఇక్కడితో ఆగాలి. 2, −3x విజాతి పదాలు. వాటిని కలిపి −x చేయడానికి వీల్లేదు. ఒకే చరరాశి, ఒకే ఘాతం ఉన్న సజాతి పదాలైతేనే గుణకాలు కలుస్తాయి. x, x² కూడా కలవవు.

మైనస్, మైనస్ ప్లస్ అనేది రెండు రుణ సంఖ్యలను గుణించినప్పుడు, లేదా రుణ సంఖ్యను తీసివేసినప్పుడు వర్తిస్తుంది. −4x − 3x లో రెండూ లేవు. నాలుగు x లు అప్పున్నవాడు ఇంకో మూడు అప్పు చేశాడు, మొత్తం −7x. దీన్ని 7x అని రాసే పిల్లలు గుణకార నియమాన్ని కూడికలోకి లాక్కొచ్చినట్టే.

జవాబు సరిచూడాలంటే x కు ఒక విలువ ఇచ్చి రెండు వైపులా లెక్కగట్టాలి. వర్క్‌షీటు లెక్కలో x = 2 అనుకుంటే 14 − 3(4 − 5) = 17. x + 15 కూడా 17. తప్పు జవాబులు వరుసగా −13, 7, 11 ఇస్తాయి. విలువలు సరిపోలకపోతే తప్పు ఖాయం. సరిపోలితే మాత్రం వెంటనే నమ్మకూడదు: 2x + 3 ను 5x అని రాసినా x = 1 దగ్గర రెండూ 5 అవుతాయి. అందుకే 0, 1 వదిలేసి 2తో ఒకసారి, −3తో ఒకసారి చూడమంటాను.