చదివితేగా!

నెలాఖరుకు స్టైపెండ్‌లో మిగిలేదే నలభై డాలర్లు. దానికి తోడు అమెరికా పన్ను శాఖ నుంచి నోటీసు! 2024కి నేను చూపిన 14,600 డాలర్ల స్టాండర్డ్ డిడక్షన్ చెల్లదట, నాన్‌రెసిడెంట్లకు అది ఉండదట. మామూలుగా ఉండదు, నిజమే. కానీ భారత్-అమెరికా పన్ను ఒప్పందంలో 21(2) అధికరణం మన విద్యార్థులకు ఇచ్చింది కదా! ఆ నంబరు రిటర్న్‌లోనే రాసి పంపాను.

ఇప్పుడు రుజువుగా ఎఫ్-1 విద్యార్థి వీసా పేజీ, ఐ-20, ఐ-94, 8843 ఫారం. వచ్చేముందు ఇండియాలోనే ఉన్నాననడానికి హన్మకొండ బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు. మొత్తం 23 పేజీలు. 30 రోజుల గడువులో 11 రోజులు నోటీసు దారిలోనే గడిచిపోయాయి. ఫ్యాక్స్ కొడితే ఎప్పుడూ బిజీ. చివరికి రిజిస్టర్డ్ పోస్టు.

అమ్మేమో ఫోన్‌లో, "ఏం తప్పు చేశావురా?" అంటోంది.