పీఎస్‌యూలో చేరేముందు చూడాల్సింది దాని లాభనష్టాల పట్టిక

గేట్‌లో మంచి ర్యాంకు వచ్చి ప్రభుత్వ రంగ సంస్థ నుంచి పిలుపు వచ్చింది. చేతిలో క్యాంపస్‌లో వచ్చిన 6 లక్షల ప్రైవేటు ఆఫరూ ఉంది. ఇంట్లోవాళ్లు భద్రత అంటారు, స్నేహితులు ఎదుగుదల అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది కానీ, కాగితం మీద లెక్క వేసి చూస్తే బొమ్మ కాస్త మారుతుంది.

2017 వేతన సవరణ ప్రకారం ఈ2 గ్రేడు స్కేలు 50,000తో మొదలై 1,60,000 వరకూ వెళ్తుంది. చాలా పెద్ద పీఎస్‌యూల్లో శిక్షణ ముగిశాక ఇంజినీరుకు దక్కేది ఇదే. బేసిక్ మీద మూడు నెలలకోసారి మారే డీఏ ఉంటుంది. లెక్క సులువుగా ఉండటానికి దాన్ని 50 శాతం అనుకుందాం, అంటే 25,000. పెర్క్స్ బేసిక్‌లో 35 శాతం దాకా ఇవ్వొచ్చు, అది 17,500. మొత్తం నెలకు 92,500, ఏడాదికి సుమారు 11 లక్షలు. క్వార్టర్స్ లేదా ఇంటి అద్దె భత్యం, పీఎఫ్, పనితీరును బట్టి వచ్చే చెల్లింపు ఇందులో కలపలేదు.

పదేళ్ల తర్వాత? ఏటా 3 శాతం ఇంక్రిమెంటు, మధ్యలో రెండు ప్రమోషన్లకు చెరో ఇంక్రిమెంటు కలిపితే బేసిక్ 71,000 దాటుతుంది. డీఏ ఏటా ఆరు పాయింట్ల చొప్పున పెరిగిందనుకుంటే 110 శాతానికి చేరుతుంది. మధ్యలో వచ్చే వేతన సవరణను వదిలేసినా ఏడాది ఆదాయం 21 లక్షల దగ్గరకు వస్తుంది.

6 లక్షలతో మొదలైన ప్రైవేటు ఉద్యోగి అక్కడికి చేరాలంటే పదేళ్లూ సగటున 13 శాతానికి పైగా పెరుగుదల కావాలి. ఎనిమిది ఏళ్లు పది శాతం హైకులు, రెండుసార్లు కంపెనీ మారి 30 శాతం జంపు దొరికితే అది సాధ్యమే, చాలామంది సాధిస్తున్నారు కూడా. అయితే పదో ఏడాది ఇద్దరి జీతం సమానమైనా, ఈలోగా పీఎస్‌యూ ఇంజినీరు చేతికి దాదాపు 38 లక్షలు ఎక్కువ వచ్చి ఉంటాయి. ఇల్లు, చెల్లి పెళ్లి, చదువు అప్పు అన్నీ ఆ పదేళ్లలోనే పడతాయి కదా! అదే ప్రైవేటు ఆఫర్ 20 లక్షలైతే డబ్బు విషయంలో పోటీయే లేదు. ఆ ఆఫర్‌ను భద్రత పేరు చెప్పి వదులుకోమని నేను అనను.

ఇక భద్రత. పీఎస్‌యూలన్నీ ఒకటే అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. 2017 సవరణ అమలుకు కేంద్రం ఒక షరతు పెట్టింది. పెరిగే ఖర్చు గత మూడేళ్ల సగటు పన్నుకు ముందు లాభంలో 20 శాతం దాటితే ఫిట్‌మెంట్, అంటే సవరణలో జీతం పెరిగే శాతం, తగ్గిపోతుంది. నష్టాల్లో ఉన్న సంస్థకు అది అందని పండే. బీఎస్‌ఎన్‌ఎల్ ఉద్యోగులకు 2017 సవరణ సకాలంలో దక్కలేదు. 2019లో అక్కడ దాదాపు 78,000 మంది స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. మన విశాఖ ఉక్కునే చూడండి: 2021 జనవరిలో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం వచ్చింది, తర్వాత జీతాలు ఆలస్యం కావడమూ, విడతలుగా పడటమూ చూశాం, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. ఆ నాలుగేళ్లలో ఉద్యోగం పోకపోయినా ఆ కుటుంబాలు పడ్డ టెన్షన్‌కు లెక్క లేదు.

అందుకే ఆఫర్ లెటర్ చేతికి రాగానే ఆ సంస్థ వార్షిక నివేదిక తెరిచి మూడేళ్ల పన్నుకు ముందు లాభం చూడండి. తర్వాతి వేతన సవరణ 2027 జనవరి నుంచి వర్తించాల్సి ఉంది కాబట్టి ఈ ఏడాది చేరేవాళ్లకు అది మరీ ముఖ్యం. బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నదీ చదవండి.

ఎదుగుదల విషయంలో నా భయం జీతం గురించి కాదు, పని గురించి. ప్రాజెక్టు నిర్మాణంలోనో, ప్లాంటు ఆపరేషన్‌లోనో పోస్టింగ్ దొరికినవాళ్లు ఏడాదిలో నేర్చుకునేది చాలా ఎక్కువ. కొందరు మాత్రం కాంట్రాక్టర్ బిల్లులు సరిచూడటం, నోట్ షీట్లు రాయడం దగ్గరే ఆగిపోతారు. మీరు చేసే డిజైన్, టెస్టింగ్, మరమ్మతు నిర్ణయాలు ఈ ఏడాది ఎన్ని అని మూడో ఏట లెక్కపెట్టుకోండి. ఒక్కటీ లేదంటే బదిలీ అడగాల్సిన సమయం అదే. అయిదారేళ్లు దాటాక బయటి కంపెనీ ఇంటర్వ్యూలో ముందు అడిగేది ఆ నిర్ణయాల గురించే.